బావ జేబులో తాళంచెవి

మా బావకు లేదనడం చేతకాదు. కరెంటు పని మాత్రం ఆయనంత శుభ్రంగా చేసేవాళ్లు మా శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పేవాళ్లలో కూడా లేరు. అక్క మొగుడని వెనకేసుకొస్తున్నాననుకోకండి. అదే కేంద్రంలో పదకొండేళ్లుగా స్టోర్ కీపర్‌ని. స్క్రూడ్రైవర్లు ఇచ్చేదీ, విరగ్గొట్టాక తిరిగి తీసుకునేదీ నేనే. ఎవరి చెయ్యి ఎలాంటిదో నాకు తెలుసు.

ఆయన మొహమాటం ఏపాటిదో తెలియాలంటే ఆ గళ్లచొక్కా ఒక్కటి చూస్తే చాలు. దర్జీ పొరపాటున వేరే ఎవరి చొక్కానో చేతిలో పెడితే, "నాది కాదంటే పాపం చిన్నబుచ్చుకుంటాడు" అని ఇంటికి తెచ్చుకున్నాడు. చేతులు గోళ్ల దాకా వస్తాయి. మూడేళ్లుగా మడిచి తొడుక్కుంటున్నాడు. ఓసారి వానలో ఎవరో అడిగారని గొడుగు ఇచ్చేసి, దారి తెలియదంటే వాళ్లింటి దాకా పక్కనే తడుస్తూ వెళ్లి దిగబెట్టి వచ్చాడు. ఇలాంటివి వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. మా అక్కకు మండీ మండీ ఇప్పుడు నవ్వొస్తోంది.

కానీ ఈసారి నవ్వే పరిస్థితి లేదు. పెద్దాసుపత్రిలో వైర్‌మన్ ఉద్యోగం ఆయనకే ఇస్తామన్నారు, నెలాఖరులోగా సర్టిఫికెట్ చూపిస్తే. మా కేంద్రంలోనే జరిగే ఆ సర్టిఫికెట్ పరీక్ష ఆయన రెండుసార్లు తప్పాడు. మూడోసారి కూడా తప్పితే కోర్సులో మొదటి నుంచి ఏడాదిపాటు కూర్చోవాలి. ఆసుపత్రివాళ్లు ఏడాది ఆగుతారా?

పరీక్షలో చేయాల్సిన పని చిన్నదే. బోర్డు మీద కాలిపోయిన సాకెట్ తీసి కొత్తది పెట్టాలి. పరీక్షాధికారి చేతిలో ఇరవై రెండు అంశాల పట్టిక ఉంటుంది, ఒక్కొక్కటీ చూసి టిక్కు పెడతాడు. అందులో నాలుగింటికి ఎర్రచుక్క. ఎర్రచుక్క ఒక్కటి తప్పినా మిగతావన్నీ ఎంత బాగా చేసినా ఫెయిలే. సరఫరా ఆపే స్విచ్చు, అంటే బ్రేకర్, దించాక దానికి తాళం వేసి, పేరు రాసిన హెచ్చరిక చీటీ తగిలించి, పని పూర్తయ్యేదాకా తాళంచెవి తన దగ్గరే ఉంచుకోవడం ఆ నాలుగింటిలో ఒకటి. పని మధ్యలో ఎవరో ఒకరు వచ్చి చెవి అడుగుతారు. ఇవ్వకూడదు. తీగల్లో చెయ్యి పెట్టినవాడి ప్రాణం ఆ చెవిలో ఉంటుంది మరి.

మొదటిసారి పరీక్షాధికారి అడగ్గానే బావ ఇచ్చేశాడు. రెండోసారి వచ్చినావిడ అడిగితే, "మీకెందుకు మేడం శ్రమ" అని తానే వెళ్లి తాళం తీసిపెట్టాడు. ఆవిడ నవ్వు ఆపుకోలేక పట్టిక మొహానికి అడ్డం పెట్టుకున్నారట.

అందుకని ఈసారి ఇంట్లో సాధన చేయించాం. బీరువా తాళంచెవి ఆయన జేబులో వేసి అక్క అడిగేది, నేను అడిగేవాణ్ని, పక్కింటి పిన్నిగారు కూడా ఓ చెయ్యి వేశారు. వారం రోజులు. ఒక్కసారీ కాదనలేదు.

"ఏవండీ, ఇవ్వననండి. రెండు క్షణాల పని. ఇ, వ్వ, ను. అంతే," అంది అక్క.

"నువ్వు అంతలా అడుగుతుంటే ఎలా అనమంటావే," అన్నాడు బావ.

పరీక్షరోజు ఉదయం పరీక్షాధికారి నన్ను పక్కకు పిలిచాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి.

"నేను అడిగితే పరీక్షే అని అందరికీ తెలిసిపోతోంది. ఇవాళ చెవి మీరు అడగండి. నలుగురినీ ఒకే మాట," అన్నాడు.

"సార్, ఆ నాలుగో ఆయన మా బావ."

"మంచిదేగా. మిమ్మల్ని కాదనగలిగితే ఎవరినైనా కాదంటాడు. మార్కులు వేసేది నేను. కన్ను గీటారో, ఆయన పరీక్ష రద్దు."

ముగ్గురి వంతు అయిపోయింది. ముగ్గురూ నన్ను పురుగును చూసినట్టు చూసి పొమ్మన్నారు. బావ వచ్చాడు. బూట్లు తొడుక్కున్నాడు. చేతి గడియారం తీసి జేబులో వేసుకున్నాడు, లోహం ఒంటిమీద ఉండకూడదని. మా నాన్న పెళ్లిలో పెట్టిన గడియారం అది. బ్రేకర్ దించి తాళం వేశాడు, చీటీ రాసి తగిలించాడు, చెవి అదే జేబులో వేశాడు. టెస్టర్‌ను ముందు కరెంటున్న చోట పెట్టి చూశాడు. ఆ తర్వాత సాకెట్‌లో రెండేసి తీగల చొప్పున మూడు జతలూ చూశాడు. మళ్లీ కరెంటున్న చోట పెట్టి టెస్టర్ బతికే ఉందని రూఢి చేసుకున్నాడు. అప్పుడు గానీ స్క్రూ ముట్టలేదు. టిక్కు, టిక్కు, టిక్కు.

పరీక్షాధికారి నాకు తల ఊపాడు. బావ వెనకే నిలబడి నా కళ్లు చూస్తున్నాడు మహానుభావుడు.

"ఆఫీసులో ఫ్యాను ఆగిపోయింది. ఒక్క నిమిషం ఆ తాళంచెవి ఇవ్వు, ఇప్పుడే తెచ్చిస్తాను," అన్నాను.

బావ తిరిగి నా మొహం చూశాడు. చెయ్యి జేబులోకి పోయింది. అయిపోయింది, అక్కకు ఏం చెప్పాలి అనుకున్నాను. చెయ్యి బయటికొచ్చింది. అందులో చెవి, గడియారం, రెండూ ఉన్నాయి. ఆయన నుదురంతా చెమట. చెవిని మళ్లీ జేబులో వేసుకుని గడియారం నా చేతిలో పెట్టాడు.

"ఇది తీసుకో బామ్మర్దీ. ఉంచేసుకో. అది మాత్రం నన్నడగొద్దు, నీకు దణ్ణం పెడతాను."

ఉత్త చేతులతో పంపలేకపోయాడు మనిషి. పరీక్షాధికారి పట్టిక అటూ ఇటూ తిప్పాడు. గడియారం ఇవ్వకూడదని ఎక్కడా లేదు. టిక్కు పెట్టాడు.

పని పూర్తయి, చేయాల్సిన తనిఖీలన్నీ చేసి, బోర్డు దగ్గర ఎవరూ లేరని సరిచూసుకుని బావే తాళం తీశాడు. సరఫరా ఇచ్చాడు. సాకెట్ పనిచేసింది. ఇక నోటి ప్రశ్నలు.

"టెస్టర్ రెండోసారి ఎందుకు చూసుకున్నారు?"

"మధ్యలో అది పాడైతే కరెంటున్న తీగ కూడా లేనట్టే చూపిస్తుంది సార్."

"మీ తోటివాడు కరెంటుకు అంటుకుపోయాడు. ముందు ఏం చేస్తారు?"

"వాణ్ని ముట్టుకోను సార్. మెయిన్ ఆపుతాను. అందకపోతే పొడి కర్రతో తోస్తాను. తర్వాత సాయానికి కేకేసి, ఊపిరి ఆడుతోందో లేదో చూస్తాను."

"ఇంటి యజమాని 'నేనే ఆపాను, నా మీద నమ్మకం లేదా' అన్నాడు."

బావ మెలికలు తిరిగాడు. "మీ మీద ఉంది బాబూ, తీగ మీదే లేదు అంటాను సార్. అని టెస్టర్ పెట్టి చూస్తాను."

పరీక్షాధికారి తొలిసారి నవ్వి, కాగితం మీద సంతకం చేసి, పాస్ అని చెప్పి వెళ్లిపోయాడు. నేను స్టోర్‌లోకి వెళ్లి, తలుపు దగ్గరికి వేసి కళ్లు తుడుచుకున్నాను. సంతోషమే. ఇన్నేళ్లలో నాకు మొదటిసారి లేదన్నాడన్న ఉక్రోషం కూడా కొంచెం ఉందనుకోండి.

సాయంత్రం బావ సామాను అప్పజెప్పడానికి వచ్చాడు. టెస్టర్, స్క్రూడ్రైవర్లు, తాళం అన్నీ బల్ల మీద పెట్టాడు. నేను రిజిస్టర్ తెరిచి చెయ్యి చాపాను.

"చెవి?"

బావ జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. అటూ ఇటూ చూశాడు.

"ఇవ్వను," అన్నాడు.

"పరీక్ష అయిపోయింది బావా. ఆయన బస్సెక్కి వెళ్లిపోయాడు. అది స్టోర్ సామాను."

"పొద్దున కూడా నువ్వే అడిగావు. ఇదే మొహం పెట్టుకుని అడిగావు."

నాకు తిక్కరేగి అక్కకు ఫోన్ చేశాను. అంతా విని అక్క మళ్లీ అడిగింది.

"ఇవ్వనన్నారా? ఆయన నోటితోనే?"

"అవునే. ఇచ్చేయమని చెప్పు."

"నోరు మూసుకోరా," అంది అక్క. "ఆ చెవితోనే ఇంటికి రానీ."

రిజిస్టర్‌లో 'తాళంచెవి ఒకటి తక్కువ' అని రాసుకున్నాను. గడియారం తీసి ఆయన చేతికి పెట్టాను. కాదనలేక తీసుకున్నాడు.