దొడ్లోకొచ్చిన మబ్బుపిల్ల

గిద్దలూరు రాఘవమ్మకు కోపమొస్తే ముక్కుపుడక అదురుతుంది. మధ్యాహ్నం వంట ముగించి, పీట మీద కాగితాలు పెట్టుకుని కథలు రాస్తుంది. ఈసారి కథలో, తప్పిపోయిన మబ్బుపిల్ల ఒకటి మేకల దొడ్లోకి వస్తుంది. దానికి కావలసిందల్లా ఒక్క రాత్రి పడుకునే చోటు. భయపడితే కురుస్తుంది, కురిసినకొద్దీ చిక్కిపోతుంది. తడంటే గిట్టని ముసలిమేక జరగనంటుంది. అక్కడిదాకా విని, మద్రాసులో చదివొచ్చిన మరిది రంగనాయకులు పెదవి విరిచాడు.

"ఏంది వదినా, యుద్ధం లేదు, చావు లేదు! ఒక రాక్షసుణ్ణి పెట్టు. లోకాన్నంతా ముంచేస్తాడని రాయి."

రాఘవమ్మకు ఒళ్లు మండింది. "లోకం మునిగితే నీకు ఎవరి మొహం గుర్తొస్తాది? ఈ పిల్ల వణికితే, ఇంకాస్త కరిగిపోతాదేమోనని దిగులు పడతావు. ముసలిమేక ముందు చెవి ఆడించినాది, తర్వాత కాలు ముడుచుకున్నాది. అట్ల అంగుళం అంగుళం జరపాల. నీ రాక్షసుడొచ్చి నిలబడితే ఆ అంగుళం ఎవరికి కనపడతాది?"

కాగితాలు చుట్టి చంకలో పెట్టుకుని వంటింట్లోకి పోయింది. కాసేపటికి రంగనాయకులు గడప దగ్గర నిలబడి నసిగాడు.

"ఇంతకూ ముసలిమేక చోటిచ్చినాదా, వదినా?"

"పోయి నీ రాక్షసుణ్ణే అడుగు."