దీర్ఘాల నోటుబుక్కు

నాకు కోపం వస్తే ముందు ముక్కు ఎర్రబడుతుంది, నోరు తర్వాత లేస్తుంది. ఆ ఆదివారం సంగారెడ్డిలో ఇంగ్లీషు సారు నా నోటుబుక్కును రెండు వేళ్లతో పక్కకు జరిపినప్పుడు మాత్రం రెండూ ఒకేసారి జరిగాయి.

నా లెక్కలో అది మామూలు నోటుబుక్కు కాదు. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో తొమ్మిదేళ్లుగా ప్యాకింగ్ చేస్తున్నాను. జోగిపేట దగ్గర మా ఊళ్లో ఇంటర్ చదివినప్పుడు అన్నీ పాసై ఒక్క ఇంగ్లీషు తప్పాను. తర్వాత పెళ్లి, ముత్తంగిలో కిరాయి గది, షిఫ్టులు. ఆ ఒక్క పేపరు అట్లాగే మిగిలిపోయింది. మా కంపెనీలో ప్యాకింగ్ బెల్టు నుంచి తనిఖీ టేబులుకు మారాలంటే ఇంటర్ సర్టిఫికెట్ కావాలి. బెల్టు దగ్గర నిలబడి చేయాలి, టేబులు దగ్గర కూర్చుని చేయొచ్చు. నా మోకాళ్లకు ఆ తేడా బాగా తెలుసు. కానీ నిజం చెప్పాలంటే మోకాళ్ల కన్నా పౌరుషమే ఎక్కువ. నేను పెట్టెలో పెట్టిన మందును, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల చూసి సంతకం పెడుతుంటే నాకు మండిపోయేది.

అందుకే మళ్లీ పరీక్ష కట్టాను. వ్యాసాలూ ఉత్తరాలూ బట్టీ పట్టాను. మిగిలినవి ఉచ్చారణ ప్రశ్నలు. ఒకదాంట్లో మాటలిచ్చి, వాటిలో పలకని అక్షరమేదో రాయమంటారు. ఇంకొకదాంట్లో మాటలో ఏ ముక్క మీద బలం పడుతుందో అక్కడ చిన్న నిలువు గీత పెట్టమంటారు. మూడోదాంట్లో నాలుగు మాటలిచ్చి, శబ్దం కలవనిది ఏరమంటారు. మూడింటికీ కలిపి నేనొక ఉపాయం కనిపెట్టాననుకున్నాను. గైడులోని మాటలన్నిటినీ తెలుగులో రాసుకున్నాను. తెలుగులో రాశాక ఎక్కడ దీర్ఘముందో అక్కడే బలమని గీత పెట్టుకున్నాను. కంపెనీలో ‘నీ’, ఇండస్ట్రీలో ‘స్ట్రీ’, హోటల్లో ‘హో’.

ఆ నోటుబుక్కు నా ఒక్కదానిదే కాదు. నా పక్కన బెల్టు దగ్గర నిలబడే అక్క కూడా అదే ఇంగ్లీషు పేపరు తప్పింది. నాకన్నా ఆరేళ్లు పెద్ద. నా నోటుబుక్కును వరుస తప్పకుండా ఎత్తి రాసుకుని, డబ్బాలు మడుస్తూ మనసులోనే వల్లె వేసుకునేది. ఆ యేడు ఇద్దరం పరీక్ష రాశాం. నాకు ముప్పై ఒకటి వచ్చాయి, అక్కకు ఇరవై తొమ్మిది. ముప్పై అయిదు కావాలి.

అప్పుడే ఎవరో చెబితే సంగారెడ్డిలో ఈ సారు దగ్గరికి పోయాం. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆదివారం పూట తన ఇంటి వరండాలో ఇట్లా తప్పిన పెద్దవాళ్లకు చెబుతారు. మొదటి రోజే ఉచ్చారణ ప్రశ్నలతో చిన్న పరీక్ష పెట్టారు. కాగితాలు దిద్ది, నాదీ అక్కదీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. మీరిద్దరూ పక్కపక్కన కూర్చోలేదు, మరి తప్పులన్నీ ఒక్కతీరుగా ఎట్లా ఉన్నాయని అడిగారు. అక్క సంచిలోంచి తన పుస్తకం తీసి, ఇది మా చెల్లె దాంట్లకెంచి రాసుకున్న సారూ అని గర్వంగా చెప్పింది. సారు నాదీ అడిగి తీసుకుని, పది పేజీలు తిప్పి, రెండు వేళ్లతో పక్కకు జరిపారు.

నేనేదో అన్నాను. ఏడాది కష్టమని, అంత తేలిగ్గా తోసేయొద్దని. సారు కోప్పడలేదు.

“అమ్మా, మన అక్షరానికి ఒక గుణముంది. రాస్తే పలకాల్సిందే. ఇంగ్లీషుకు ఆ గుణం లేదు. నువ్వు తెలుగుల రాసుకున్నవంటే దాని గుణం తీసి మన గుణం పెట్టినట్టు.”

తర్వాత ఒక్కొక్కటే విప్పి చూపించారు. రసీదును నేను ‘రిసీప్ట్’ అని రాసుకున్నాను. రాసుకున్నాక అందులో పలకని ‘పి’ ఎక్కడ కనబడుతుంది? నా చేత్తో నేనే దానికి ప్రాణం పోశాను. మా బెల్టు మీద రోజూ కనబడే నిమోనియా మందు డబ్బా కూడా అంతే. మొదట్లో ‘పి’ ఉంటుంది, నోట్లోకి రాదు. నేను ‘ప్న్యుమోనియా’ అని రాసుకుని, నాలుక తిరగక తిప్పలు పడేదాన్ని. ఇక బలమంటే పొడుగు కాదన్నారు సారు. తెలుగులో ఏ ముక్కనూ గట్టిగా నొక్కాల్సిన అవసరం లేదు, పొట్టీ పొడుగూ తెలిస్తే చాలు. అందుకే పొడుగు కనబడగానే మనవాళ్లు అదే బలమనుకుంటారట. ఇంగ్లీషులో కంపెనీకి బలం మొదటి ముక్క మీద. ఇండస్ట్రీకీ మొదటి దాని మీదే. హోటల్‌కేమో రెండోదాని మీద. నేను మూడూ తప్పే పెట్టుకున్నాను. మెషీన్‌లో ‘షీ’ ఒక్కటి సరిగ్గా ఉంది, అది కూడా నా తెలివితో కాదు, అదృష్టంతో. అట్లా అప్పుడొకటి ఇప్పుడొకటి సరిపోవడం వల్లే నా ఉపాయం నన్ను అంతకాలం మోసం చేసింది.

తిరుగు బస్సులో అక్క మొహం చూడలేకపోయాను. నా తప్పు నన్ను ముంచిందంటే సరే. ఆమెను కూడా ముంచిందే అని లోపల కుమిలిపోయాను. అక్క మాత్రం కిటికీలోంచి గోదాములు చూస్తూ కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది. ముత్తంగిలో దిగేటప్పటికి నేను ఒట్టు పెట్టుకున్నాను. మళ్లీ పరీక్షకు రెండు నెలలుంది. నా పాత పుస్తకంలో ఒక్క మాట కూడా ఇద్దరి బుర్రల్లోనూ మిగలకూడదు.

మరుసటి రోజు నుంచి తెలుగులో రాయడం మానేశాను. బతుకంతా అట్లా రాసుకున్న చేతికి అది చాలా కష్టం. వేళ్లు వాటంతటవే ‘క’ దగ్గరికి పోయేవి. రాయడం బదులు వినాలన్నారు సారు. ఇంటికొచ్చాక ఫోన్లో నిఘంటువు తెరిచి, స్పీకరు బొమ్మ నొక్కి, ఒక్కో మాట పదిసార్లు వినేదాన్ని. మాటలు కూడా గైడులోంచి కాక బెల్టు మీద నుంచే ఏరుకున్నాను. మా సెక్షన్‌లో ప్రతి డబ్బా మీదా నాలుగు ముద్రలుంటాయి. ప్యాక్ చేసినట్టు, సీలు వేసినట్టు, చెక్ చేసినట్టు, స్టాంపు వేసినట్టు. నాలుగింటికీ చివర ఒకే రెండక్షరాలు, ‘ఇ’, ‘డి’. చదివితే మాత్రం ప్యాక్ట్, చెక్ట్, స్టాంప్ట్, ఒక్కటే సీల్డ్. గొంతు మీద చెయ్యి పెట్టుకుని ఆ చివరి అక్షరాల ముందున్న శబ్దాన్ని పలకమన్నారు సారు. ‘క’ పొల్లుకూ ‘ప’ పొల్లుకూ గొంతు అదరదు, అందుకని చివర ‘ట్’ వస్తుంది. ‘ల’ పొల్లుకు అదురుతుంది, అందుకని ‘డ్’. కలవనిది సీల్డ్. ఇద్దరం బెల్టు దగ్గర గొంతులు పట్టుకుని నిలబడితే సూపర్‌వైజర్ వచ్చి పానం బాగలేదా అని అడిగాడు.

పలకని అక్షరాలు వచ్చేశాయి, కలవనివి వచ్చేశాయి. బలం ఒక్కటే లొంగలేదు. విన్నప్పుడు తెలిసినట్టే ఉండేది, పది నిమిషాలకు అన్ని ముక్కలూ సమానమైపోయేవి. మూడు వారాలు అట్లాగే గడిచాయి. నాకు నా మీదే కసి పెరిగింది.

దారి దొరికింది అన్నం తినే చోట. మా సెక్షన్ వెనక గోదాములో బీహార్ నుంచి వచ్చిన హమాలీలు డ్రమ్ములు ఎత్తుతుంటారు. ‘జోర్ లగాకే’ అని ఒకడు తాపీగా అంటాడు, ‘హైస్సా’ అని అందరూ కలిసి అంటారు. ఆ రోజు టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని వాళ్లనే చూస్తూ ఉండిపోయాను. నోటితో అందరూ అన్ని మాటలూ అంటున్నారు. డ్రమ్ము మాత్రం అన్నిటికీ లేవడం లేదు, ‘హై’ అన్న దగ్గరే లేస్తోంది. అక్కడ వాళ్లు ఎక్కువసేపు సాగదీయడం లేదు, ఉన్న సత్తువంతా అక్కడ పెడుతున్నారు.

గబగబా చెయ్యి కడుక్కుని, పక్కనే ఉన్న ఖాళీ అట్టపెట్టెను రెండు చేతులతో పట్టుకున్నాను. కంపెనీ అన్నాను. ‘నీ’ దగ్గర ఎత్తి చూశాను, ఫోన్లో విన్న మాటలా లేదు. మొదటి ముక్క దగ్గర ఎత్తాను, అచ్చం అదే. హోటల్ అన్నాను, రెండోదాని దగ్గర ఎత్తాను. తర్వాత మా లైనులో రోజూ వాడే రికార్డ్. బ్యాచ్ వివరాలు రాసే పుస్తకమైతే మొదటి ముక్క దగ్గర లేవాలి, వివరం నమోదు చేయడమనే పనైతే రెండోదాని దగ్గర లేవాలి. ఎక్స్‌పోర్ట్ కూడా అంతే. ఇన్నాళ్లూ చెవికి అందనిది భుజానికి తెలిసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అక్కను పిలిచి పెట్టె చేతికిచ్చాను. ఆమె కంపెనీ అంటూ ‘నీ’ దగ్గరే ఎత్తింది. మళ్లీ చెప్పాను, మళ్లీ అక్కడే ఎత్తింది. నేను అటూ ఇటూ చదివి వదిలేసినదాన్ని ఆమె శ్రద్ధగా కంఠతా పట్టింది. అందుకే నాలోంచి తొందరగా పోయిన తప్పు ఆమెను వదల్లేదు.

పరీక్షలో ఒక్కో గీత పెట్టే ముందు నా చేతులు బెంచీ కింద, అక్కడ లేని పెట్టెను ఎత్తి చూసుకున్నాయి. నాకు నలభై నాలుగు వచ్చాయి. అక్కకు ముప్పై మూడు.

తనిఖీ టేబులుకు మారిన రోజు నాకు ఎదురుచూసినంత సంతోషం కలగలేదు. కుర్చీలోంచి చూస్తే బెల్టు దగ్గర అక్క కనబడుతుంది. ఆమె మడిచిన డబ్బా నా దగ్గరికొస్తే నేను సంతకం పెట్టాలి. సాయంత్రం గేటు దగ్గర ఆమెను ఆపి, ఆదివారం బస్సుకు తయారుగుండమన్నాను.

“నువ్వు పాసైనవు గద, నీకేం పని ఆడ?”

“నా నోటుబుక్కు నీ తలకాయల ఉన్నన్ని రోజులు నేను పాస్ గానట్టే అక్కా.”

మళ్లీ ఆదివారాలు మొదలయ్యాయి. ఆమె తప్పు పోవడానికి మాటలు చాలవని నాకు అర్థమైంది. అందుకని నేనే పెట్టెకు ఒక పక్క పట్టుకున్నాను, ఆమె ఇంకో పక్క. ఇద్దరం ఒకేసారి ఎత్తాలి. ఆమె ‘నీ’ దగ్గర ఎత్తబోతే నా వైపు ముందే లేచి పెట్టె వంకర పోయేది. రోజూ అన్నం వేళ ఇరవై మాటలు. హమాలీలు మమ్మల్ని చూసి మొదట నవ్వారు, తర్వాత వాళ్లే హైస్సా అందించేవాళ్లు. పెట్టె వంకర పోవడం తగ్గడానికి నెలన్నర పట్టింది.

అక్క మళ్లీ రాసిన పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు నేను టేబులు దగ్గరే ఉన్నాను. ఫోన్లు లోపలికి తేనివ్వరు కాబట్టి అక్క బయటికెళ్లి చూసుకుని వచ్చింది. మొహంలో ఏమీ తెలియలేదు. బెల్టు దగ్గర తన చోట నిలబడి, గ్లవ్జులు తొడుక్కుని, ఒక డబ్బా మడిచి పంపింది. అది నా ముందుకొచ్చింది. పైన పెన్సిలుతో సన్నగా ఇంగ్లీషులో ‘పాస్డ్’ అని రాసి, కింద తెలుగులో చిన్న ‘ట్’ పెట్టింది.

ఆ డబ్బాను పక్కన పడేయాలి, రాతలున్న డబ్బా బయటికి పోకూడదు. రిజెక్టు ముద్ర కొట్టి, సంతకం పెట్టి, ఇంటికి తెచ్చుకున్నాను.