నీలం ముద్ర లేని బిల్లులు

అమ్మ పెరట్లో జారిపడిన రోజున నేను తెరుబలిలో డ్యూటీలో ఉన్నాను. తమ్ముడు ఫోన్ చేసి, అమ్మ లేవలేకపోతోందని, అంబులెన్సుకి చెప్పానని అన్నాడు. రామనగుడ దగ్గర మా ఊళ్లో అమ్మ వాడి దగ్గరే ఉంటుంది. నేను ఫెర్రో ఎల్లాయిస్ ఫ్యాక్టరీలో స్టోర్సు గుమాస్తాను. మా అప్ప, నాకంటే నాలుగేళ్లు పెద్దది, రాయగడ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఎక్స్-రే చూసి, తుంటి దగ్గర తొడ ఎముక బంతి కింద విరిగిందని, ఆ బంతి మార్చాలని, విశాఖ తీసుకెళ్దామని చెప్పింది అప్పే.

విశాఖ ఆసుపత్రిలో డబ్బు కట్టే కిటికీ దగ్గర అప్ప నన్ను ఒక మాట అడిగింది. మీ కంపెనీ ఇన్సూరెన్సులో అమ్మ పేరుంది కదా, ఇక్కడ పనికొస్తుందా అని. ఆ ఆసుపత్రిలో మా కార్డు చెల్లదన్నాను. అది అబద్ధం కాదు. కార్డు చూపించి డబ్బు కట్టకుండా బయటపడే ఏర్పాటు అక్కడ లేదు. ముందు మనం కట్టి, తర్వాత బిల్లులు పంపితే కొంత వెనక్కి వస్తుందన్న సంగతి మాత్రం నేను చెప్పలేదు. వస్తుందో రాదో తెలియదు, వచ్చాక చెబుదాం అనుకున్నాను. అప్పటికి నిజంగా అలాగే అనుకున్నాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. డబ్బంతా నేనే కట్టాను. ఇంటికొచ్చిన వారానికి ఆఫీసు కంప్యూటర్లో ఒక కాగితం తయారుచేశాను. ఆసుపత్రి బిల్లు రెండు లక్షల నలభై వేలు. అంబులెన్సు, బయట కొన్న మందులు, వాకరు, రానుపోను ఖర్చులు ముప్పై వేలు. మొత్తం రెండు లక్షల డెబ్బై వేలు, మనిషికి తొంబై. కింద సంతకం కూడా పెట్టాను. అప్ప వరస వరసా చదివి, రెండో రోజే బ్యాంకులో వేసింది. తమ్ముడికి ఊళ్లో అరుగు మీద ఇచ్చాను. వాడు మడత విప్పలేదు.

“అన్న లెక్క కదా. సూసీదేటుంది” అని జేబులో పెట్టుకున్నాడు.

సర్కారు మండీలో ధాన్యం అమ్ముకునే టోకెన్ వాడికింకా రాలేదు. అది వచ్చేదాకా ఆగకుండా పంటంతా వ్యాపారికి తక్కువ ధరకు అమ్మేశాడు. చాలనిది మామగారి ఊళ్లో అప్పు తెచ్చాడు. పది రోజుల్లో తొంబై వేలు నా చేతిలో పెట్టాడు. ఆలస్యమైందని నొచ్చుకున్నాడు కూడా.

ఆ తర్వాత నెలన్నరకి, క్యాంటీన్లో వరసలో నిల్చుని ఉండగా ఫోన్లో సందేశం వచ్చింది. బిల్లులో చేతి తొడుగులు, దూది వగైరా చెల్లవని పదిహేను వేలు తీసేశారు. మిగిలినదాంట్లో తల్లిదండ్రుల వైద్యానికి ఐదోవంతు ఉద్యోగే భరించాలన్న నిబంధన ప్రకారం నలభై ఐదు వేలు కోశారు. లక్షా ఎనభై వేలు నా ఖాతాలో పడింది.

ఆ సాయంత్రమే ఇద్దరికీ ఫోన్ చెయ్యాల్సింది. చెయ్యలేదు. అమ్మ కోసం ప్రీమియం ఈ ఏడాది పన్నెండు వేలు నా జీతంలోంచే కదా కోశారు, వాళ్లేమైనా ఇచ్చారా అనుకున్నాను. మా అమ్మాయి హాస్టలు ఫీజు కట్టాలి, కట్టాక చెబుదాం అనుకున్నాను. అనుకోవడానికి నాకు ఎన్ని దొరికాయో! అసలు లెక్క మాత్రం బుర్రలో దానంతట అదే తిరుగుతూ ఉండేది. వచ్చింది తీసేస్తే ముగ్గురికీ కలిపి ఖర్చు తొంబై వేలు. నేను ఒక్కొక్కరి దగ్గరా తీసుకున్నది తొంబై వేలు. అమ్మ తుంటి విరిగితే నేను ఖర్చు పెట్టలేదు, సంపాదించాను.

మూడో నెల చెకప్‌కి అమ్మను రాయగడ తీసుకొచ్చారు. అమ్మ వాకరు పట్టుకుని నాలుగడుగులు వేసి ఆగిపోయింది. కాలు బిగుసుకుపోయిందని, వ్యాయామం చేయించడం లేదా అని ఎముకల డాక్టరు అడిగాడు. తమ్ముడు తెల్లబోయాడు. గుణుపురం నుంచి వచ్చి వ్యాయామం చేయించే అతన్ని, ఐదు రోజులు కాగానే, తనే నడుచుకుంటానని చెప్పి అమ్మ మాన్పించేసిందట. ఆ సంగతి వాడికి చెప్పొద్దని, అతనే ఇక చాలన్నాడని చెప్పమని మరదలి చేత ఒట్టు వేయించుకుందట.

“గింజ మిగలకండా అమ్మీసేడు. మళ్లీ రోజుకి నాలుగొందలు నా కాలుకెట్టమని ఏ నోటితో అడగనురా” అంది అమ్మ, ఎవరి మొహమూ చూడకుండా.

డాక్టరు లోపల పెట్టిన బంతి వివరాలు కావాలన్నాడు. ఆపరేషన్ కాగితాల మీద స్టిక్కరు అంటించి ఉంటుంది. ఫైలు నా దగ్గరుంది, ఇచ్చాను. జిరాక్సులో ఆ స్టిక్కరు నల్లటి మచ్చలా పడింది, ఒక్క అంకె కనబడలేదు. అప్ప ఫైలు తీసుకుని మిగతా కాగితాలు తిరగేసింది. డిశ్చార్జి కాగితం, బిల్లు, రసీదులు. ఆసుపత్రి ముద్రలన్నీ నల్లగానే ఉన్నాయి. నీలం ముద్ర ఒక్కటీ లేదు. ఇరవై ఏళ్లుగా రోగుల బంధువులు క్లెయిము కోసం ఒరిజినల్స్ పట్టుకుపోవడం చూస్తున్న మనిషి అది. ఫైలు మూసి సంచిలో పెట్టుకుంది.

తన క్వార్టర్స్‌కి వెళ్లాక అప్ప అమ్మను మంచం మీద పడుకోబెట్టి, వంటగదిలోకి రమ్మంది. తమ్ముడూ వచ్చాడు.

“ఒరిజినల్స్ ఏవిరా?”

ఇంట్లో ఎక్కడో ఉన్నాయన్నాను.

“ఇంట్లో ఉన్నాయా, కంపినీకి ఇచ్చీసినావా?”

స్టవ్ మీద పాలు పొంగితే తమ్ముడు దించాడు.

“ఎంత వచ్చిందో సెప్పు. ఇప్పుడైనా నిజం సెప్పు” అంది అప్ప.

చెప్పాను. ఫోన్ తీసి సందేశం చూపించాను. ప్రీమియం సంగతి కూడా గొణిగాను, కాస్త సమర్థించుకోవాలని. అప్ప తిట్టలేదు. డ్యూటీ డైరీ వెనక పేజీ చింపి రాయడం మొదలుపెట్టింది. ఖర్చు రెండు లక్షల డెబ్బై. “నీ పన్నెండూ కలుపుతున్నాను, అది అందరిదీని” అంటూ రాసింది. రెండు లక్షల ఎనభై రెండు. వచ్చింది లక్షా ఎనభై. మిగిలింది లక్షా రెండు వేలు, మనిషికి ముప్పై నాలుగు. నేను ఇద్దరికీ చెరో యాభై ఆరు వేలు తిరిగి ఇవ్వాలి. దాని కింద ఇంకో గీత గీసి, ఈ రోజు నుంచి వ్యాయామం, మందులు, నెలనెలా మూడు భాగాలు అని రాసింది. మరదలు చేసే చాకిరీకి వెల కట్టలేదు. అక్కడ కొంచెం జాగా వదిలి, “ఇదెవడు కట్టగలడ్రా” అంది.

అంతసేపూ తమ్ముడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే నేనూ ఏదో అనేవాణ్ణి, అంతో ఇంతో తేలికయ్యేది. వాడు ఆ చింపిన కాగితం తీసుకుని, వేలు పెట్టి ఒక్కో వరసా మెల్లగా చదివాడు. ఎనిమిదో తరగతితో చదువు మానేసినవాడు, పెదాలు కదుపుతూ. చివరిదాకా వచ్చి మళ్లీ మొదటి వరసకు వెళ్లాడు.

యాభై ఆరు వేలు అప్పటికప్పుడే ఫోన్లోంచి వాడి ఖాతాకి పంపించాను. అప్పది కూడా పంపాను. మర్నాడు కంపెనీకి రాసి, స్టిక్కరున్న కాగితానికి స్పష్టమైన నకలు తెప్పించాను. గుణుపురం అతను మళ్లీ వస్తున్నాడు. అమ్మ ఇప్పుడు అరుగు దాకా నడుస్తోంది, కుంటుతూ. ఆ కుంటు ఎంతవరకు పోతుందో డాక్టరు చెప్పలేదు.

పోయిన నెల మందుల లెక్క నేనే ఊరికి తీసుకెళ్లాను, పదిహేడు వందలు. తమ్ముడు చెయ్యి కడుక్కుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కాగితం మడత విప్పి చదివాడు. తర్వాత చాలా మర్యాదగా, నా మొహంలోకి చూడకుండా అడిగాడు.

“బిల్లులు కూడా తెచ్చినావా అన్నా? ఒకపాలి సూత్తాను.”

జేబులోంచి తీసి ఇచ్చాను. ముద్రలు నీలంగానే ఉన్నాయి. వాడు ఒక్కొక్కటే వెలుతురుకేసి పట్టి చూస్తుంటే, వాడు అయిందనేదాకా అక్కడే నిలబడ్డాను.