సూర్యకాంతమ్మగారి బంగారు బిళ్ళ

సూర్యకాంతమ్మగారిది అనుమానం జబ్బు. పాలు పోసే మనిషి చెంబు వంచితే అడుగున నీళ్ళు మిగిలాయేమో చూసేది. కూరలబండి త్రాసు కింద చెయ్యి పెట్టి తడిమేది. భీమవరం పక్కన ఆ ఊళ్ళో ఆవిడకి ఏదైనా అమ్మాలంటే ముందు గుండె దిటవు చేసుకోవాలి.

ఇంత అనుమానంలోనూ ఒక్క మనిషికి మినహాయింపు ఉండేది. కంసాలి గంగయ్య. ఆ ఇంటి నగలన్నీ ఆయన చేతివే. ఆయన కుంపటి, ఊదుగొట్టం తెచ్చుకుని వీళ్ళ వరండాలోనే కూర్చుని పనిచేసేవాడు. ఎదురుగా పీట వేసుకుని సూర్యకాంతమ్మగారు ఆయన చేతులకేసి రెప్ప వాల్చకుండా చూసేది. ఇచ్చిన బంగారమెంతో, తయారైన నగ ఎంతో, తరుగు కింద పోయిందెంతో కాటాలో పెట్టి చూసుకునేది. తూకం ఏనాడూ తప్పలేదు. అందుకే ఆయన్ని నమ్మింది.

కొడుకు ప్రవీణ్‌ది రొయ్యల చెరువు. కిందటేడు పంట బాగా వచ్చి నాలుగు డబ్బులు మిగిలాయి. గంగయ్యకి కబురు పెట్టి హారం చేయిద్దామంది సూర్యకాంతమ్మగారు. కోడలు సుప్రియ ఎన్నడూ ఎదురు చెప్పని పిల్ల. ఆ రోజు మాత్రం గట్టిగా అడ్డుపడింది.

“నగ వద్దండి అత్తయ్యగారూ, బిళ్ళ కొందాం. నగకి తరుగనీ మజూరీ అనీ నూటికి పదో పదిహేనో పోతుంది. అమ్మేటప్పుడు అదేదీ తిరిగి రాదండి. బిళ్ళయితే ఇరవై నాలుగు క్యారెట్లు, పైన పడే ఖర్చు తక్కువ. చిన్నవి నాలుగు కొంటే ఒక్కోదానికీ మజూరీ పడుతుంది. ఒకటే పెద్దది తీసుకుందామండి.”

“బిళ్ళని మెళ్ళో వేసుకుంటామా? రేపు చెరువుకి తెగులొస్తే నగని తాకట్టు పెట్టుకోవచ్చు. కొట్లో కొన్న బిళ్ళని బ్యాంకువాళ్ళు ముట్టుకోరంట కదా!”

“అది నిజమేనండి. వాళ్ళ దగ్గర కొన్నదయితేనే తీసుకుంటారు, అదీ కొంతవరకే. తాకట్టుకి మనకి నగలున్నాయి కదండీ. అంతగా కావాలంటే హాల్‌మార్క్ ఉన్న నగ కొట్లో కొందాం. గంగయ్యగారి చేత మాత్రం వద్దు.”

ఆ చివరి మాట సూర్యకాంతమ్మగారి చెవిలో ముల్లులా గుచ్చుకుంది. గంగయ్యంటే దీనికెందుకంత కిట్టదు? కొడుకు కూడా పెళ్ళాం వైపే మాట్లాడడంతో ఇరవై గ్రాముల బిళ్ళ వచ్చింది. పచ్చకాగితంలాంటి అట్ట మీద గట్టి ప్లాస్టిక్ సీలు, నాణ్యం ఎంతో చెప్పే అంకెలు, నంబరు. సీలు విప్పితే మళ్ళీ అమ్మేటప్పుడు పేచీ పెడతారని కొట్లో మరీ మరీ చెప్పారు.

లాకర్‌లో పెడదామంది సుప్రియ. “తాళంచెవి ఒకటి వాళ్ళ దగ్గరుంటుందంట కదా?” అంది అత్తగారు. రెండు తాళాలూ పడితేగాని తెరుచుకోదని కోడలు ఎంత చెప్పినా తలకెక్కలేదు. ఆవిడే బిళ్ళని పాత చీరలో చుట్టి, అటక మీద దుప్పట్ల పెట్టెలో దాచింది. ఆ చోటు సుప్రియకొక్కదానికే తెలుసు, నిచ్చెన పట్టుకుంది కాబట్టి.

మొన్న దుప్పట్లు ఎండేయడానికి పెట్టె దించి చూస్తే సీలు ఒక మూల చిరిగి ఉంది. బిళ్ళ వేలితో కదిపితే కదులుతోంది. సూర్యకాంతమ్మగారి అనుమానం తిన్నగా సుప్రియ మీదికి పోయింది. అసలుది తీసేసి నకిలీది పెట్టి ఉంటుంది! అందుకేగా నగ వద్దంది. హారమైతే మెళ్ళో కళ్ళముందుంటుంది, బిళ్ళయితే అటక మీద ఎవరు చూడొచ్చారు?

కొడుకుతో అనలేదు. భీమవరంలో పరీక్ష చేయిస్తే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. “అన్నవరం మొక్కుంది, నువ్వూ రా అమ్మాయ్” అని కోడల్ని బయల్దేరదీసింది. రాజమండ్రిలో దిగి గుడికి పోయే బస్సు ఎక్కకుండా తిన్నగా బంగారం పరీక్ష చేసే చోటికి తీసుకెళ్ళింది. సంచిలోంచి మూట తీసి, విప్పి బల్ల మీద పెట్టి, బిళ్ళకేసి చూడలేదు, కోడలి మొహంకేసి చూసింది.

సుప్రియ మొహం పాలిపోయింది. అది భయమో బాధో సూర్యకాంతమ్మగారు ఆలోచించలేదు. దొరికిపోయింది అనుకుంది.

అక్కడ పరీక్ష చేసే ప్రసన్నకుమార్ అట్ట తిప్పి చూసి నవ్వాడు. “ఇది కత్తెర పని కాదండి. ఎలక కొరికింది. ఇదిగో పంటిగాట్లు.” బిళ్ళని మిషన్‌లో పెట్టాడు. కాసేపటికి తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది చూపించింది.

“మిషను పైపైనే చూస్తుందేమో, లోపల వేరేది ఉంటేనో?” అంది ఆవిడ.

ఆయన విసుక్కోలేదు. బిళ్ళని దారంతో కట్టి నీళ్ళలో ముంచి తూకం వేశాడు. నీళ్ళలో ఒక గ్రాము పైచిలుకు తగ్గింది. “రాగో వెండో అయితే ఇంకా ఎక్కువ తగ్గేదండి. బరువూ అట్ట మీద వేసినంతే ఉంది. ఇంకా నమ్మకం లేదంటే కరిగించడమే. మీ బంగారానికేం కాలేదు, సీలు పోయింది కాబట్టి అమ్మేటప్పుడు కాస్త బేరమాడతారు, అంతే.”

సూర్యకాంతమ్మగారికి సిగ్గేసింది. సిగ్గుని కప్పుకోవడానికి మూట గబగబా కట్టెయ్యబోయింది.

అప్పుడు సుప్రియ మెళ్ళో గొలుసు తీసి బల్ల మీద పెట్టింది. పెళ్ళిలో అత్తగారు పెట్టిన గొలుసే. “ఇది కూడా చూడండి” అంది ఆయనతో.

మిషను డెబ్బై నాలుగు చిల్లర చూపించింది.

“టంకం పెట్టిన చోట చూపించావేమో బాబూ! అది ఇరవై రెండు క్యారెట్లు. నా కళ్ళముందు చేయించాను!”

ఆయన వేరేచోట పెట్టాడు. కొక్కెం దగ్గర పెట్టాడు. అంకె మారలేదు. “పద్దెనిమిది క్యారెట్లు కూడా పూర్తిగా లేదండి. చేసినాయన బంగారం కొంత తీసేసి, తూకం సరిపోయేలా రాగి కలిపి ఉంటాడు. తూకం చూస్తే తెలియదు కదండీ.”

సూర్యకాంతమ్మగారు గొలుసుని చేతిలోకి తీసుకుంది. గంగయ్య చేతుల్ని కళ్ళార్పకుండా చూసింది. బంగారం కరిగించే మూసలో ఏం పడిందో చూడలేదు.

“నీకిది ముందే తెలుసా?”

“చెరువుకి మేత కోసం తాకట్టు పెట్టినప్పుడు బ్యాంకులో చెప్పారండి. రెండేళ్ళయింది.”

“మరి నాకెందుకు చెప్పలేదే?”

సుప్రియ తలొంచుకుంది. “మీరే తెలిసి ఇచ్చారనుకున్నానండి. మీరు అన్నీ చూసుకుని చేయిస్తారు కదా అత్తయ్యగారూ. మీకు తెలియకుండా ఎలా జరుగుతుంది అనుకున్నాను.”

సూర్యకాంతమ్మగారికి అప్పుడు అర్థమైంది. రెండేళ్ళుగా ఈ పిల్ల తనకి అన్నం వడ్డిస్తూ, కాళ్ళు నొప్పులంటే నూనె రాస్తూ, తనని దొంగ అనుకుంటూనే ఉంది. ఒట్టేసి చెబితే మాత్రం నమ్ముతుందా? ఇప్పుడు ఈ బల్ల దాకా లాక్కొచ్చింది తానే కదా!

ముంజేతి గాజులు లాగడం మొదలుపెట్టింది. అవీ గంగయ్యవే, తనకోసం తను చేయించుకున్నవి. ఏళ్ళనాటివి కావడంతో రావడం లేదు. సుప్రియ సబ్బునీళ్ళు తెచ్చి చేతికి రాసి మెల్లగా తీసింది.

మిషను డెబ్బై మూడు చూపించింది.

జీవితమంతా బంగారం బంగారమని పాకులాడిన మనిషి, ఆ అంకె చూసి చిన్నపిల్లలా వెలిగిపోయింది. కోడలి చెయ్యి పట్టుకుని ఊపేసింది.

“చూశావా, చూశావా అమ్మాయ్! నావీ అంతే! నావీ అంతేనే!”