గుడ్లు దాచుకున్న ఇల్లు

మా ఉద్దానం గురించి రాసేవాళ్ళు ఎక్కువగా ఇక్కడి కిడ్నీ జబ్బు గురించే రాస్తారు. ఆ జబ్బు రానివాళ్ళు దానికి భయపడి ఏం తింటారో, ఏం మానేస్తారో రాసినట్టు నా కంట పడలేదు. పలాస గ్రంథాలయంలో తెలుగు అరలన్నీ తిరగేసినవాణ్ణి కాబట్టి ఈ మాట ధైర్యంగానే అంటున్నాను. నా ఆపరేషన్‌కి ముందూ తర్వాతా నాకు పెట్టిన తిండి కథ ఇప్పుడు మా ఊళ్ళో రకరకాలుగా తిరుగుతోంది. అంతా పుస్తకాల్లో ముందే చదివి నేనే డాక్టర్లకు చెప్పానన్న కథ కూడా ఒకటుంది. దాన్ని విన్నప్పుడల్లా తల దించుకోవలసి వస్తోంది. అందుకే జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో సరుకు లెక్కలు చూస్తాను. బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. మిగిలినదంతా గ్రంథాలయం పెట్టిన భిక్షే. కొన్నేళ్ళ క్రితం మా ఆవిడ అన్నయ్యకు, అంటే మా బావకు, కిడ్నీలు దెబ్బతిన్నాయి. కవిటి దగ్గర ఆయనకు కొబ్బరితోట ఉంది, ఇల్లు మాత్రం మా వీధిలోనే. మొదట్లో డాక్టరు చెప్పిన పథ్యం ఇంట్లో అందరికీ వివరించింది నేనే. పప్పు తగ్గించాలి, గుడ్లు తగ్గించాలి, కూరలు ఉడికించి నీళ్ళు వార్చేయాలి. అది జబ్బు వచ్చినవాళ్ళ పథ్యం. నేను మరో రెండు పుస్తకాలు చదివి, ముందే మానేస్తే అసలు జబ్బే రాదని తేల్చేశాను. అప్పటినుంచి మా ఇంట్లో గుడ్డు లేదు, చేప లేదు, చారులో పప్పు పేరుకే.

కిందటేడు విరేచనంలో రక్తం పడింది. కెమెరా పరీక్షలో పెద్దపేగులో గడ్డ ఉందని తేలింది. టెక్కలిలో సర్జన్ నన్ను పరీక్ష చేసి, ఆ ముక్క కోసి తీసేసి రెండు కొసలూ కలిపి కుట్టాలన్నాడు. ఆపరేషన్ తేదీ మాత్రం చెప్పలేదు. ముందు డైటీషియన్ దగ్గరకు వెళ్ళి రమ్మన్నాడు.

ఆ గదిలోకి మా ఆవిడా, బావా కూడా వచ్చారు. డైటీషియన్ వయసులో చిన్నమ్మాయి. బరువు తూచింది. ఆరు నెలల క్రితం ఎంత ఉండేవారని అడిగింది. చేతి బలం కొలిచే పిడి ఒకటి ఇచ్చి గట్టిగా నొక్కమంది. ముల్లు కొద్దిగా కదిలి ఆగిపోయింది.

"నిన్న ఏం తిన్నారు?"

చెప్పాను. కొంచెం గర్వంగానే చెప్పాను.

"మీకు కిడ్నీ జబ్బు ఉందా?"

"లేదమ్మా. రాకుండా."

ఆమె నా రక్తపరీక్ష మళ్ళీ చూసింది. కిడ్నీలు బాగానే ఉన్నాయంది.

"బుక్కులు సదివి మాన్పించేసినాడమ్మా," అంది మా ఆవిడ. "గుంటలకి కూడా."

"పిల్లలు కూడా తినడం లేదా?"

మా ఆవిడ నేల చూపులు చూసింది. "తింతన్నారమ్మా. మా అన్నయ్య ఇంటికాడ."

బావ పకపకా నవ్వేశాడు. "ఇంకేటి దాసేది! నాకు డయాలసిస్ కాడ సెప్పినారమ్మా, రక్తం శుద్ధి సేసినప్పుడల్లా బలం పోద్ది, ఇప్పుడు గుడ్లు బాగా తినాలని. ఆ మాట ఈ బావకి సెప్తే ఊరుకుంటాడేటి? గంటసేపు పాఠం సెప్తాడు. అందుకే మా ఇంట్లో ఉడకబెట్టుకుని అందరం తింతన్నాం. ఈయన వత్తన్నాడంటే పెంకులు సంచిలో ఏసేత్తాం."

డైటీషియన్ నవ్వు ఆపుకుంది. నేను మాత్రం ఆ పిడిని ఇంకా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. నా మాట విని అందరూ మానేశారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మానేసింది నేనొక్కణ్ణే. నా పిల్లలు నా అడుగుల చప్పుడు విని నోరు తుడుచుకునేవాళ్ళు.

సర్జన్ ఆపరేషన్‌కి రెండు వారాల తర్వాతి తేదీ ఇచ్చాడు.

"ఈలోగా గడ్డ పెరిగిపోదా?" అన్నాను.

"రెండు వారాలకు పెద్ద తేడా రాదు. ఈ ఒంటికి కుట్టు వేస్తే అతుకు మానకపోవచ్చు. అది విడిపోతే పేగులో ఉన్నదంతా కడుపులోకి వస్తుంది. అప్పుడు మిమ్మల్ని బతికించడం కష్టం. తినండి, నడవండి, రండి."

ఒక్కసారిగా ఎక్కువ తినకూడదట. ఎండిన ఒంటికి అదీ ప్రమాదమే. కొంచెం కొంచెంగా పెంచారు, మధ్యలో రక్తపరీక్ష చేశారు. పాలు, పప్పు, గుడ్లు, డబ్బాలోని ప్రోటీన్ పొడి. బావ బారువ నుంచి చేపలు తెప్పించాడు. మా అమ్మాయి గోడ మీంచి పక్కింటివాళ్ళతో, "మా నాన్న గుడ్డు తింతన్నాడు!" అని అరిచి చెప్పింది. వీధంతా విన్నారు. వాళ్ళలో నా ఉపదేశం విన్నవాళ్ళు చాలామందే ఉన్నారు.

రెండు వారాలకు పిడి ముల్లు కాస్త ముందుకు కదిలింది. నన్ను ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ముందురోజు రాత్రి అన్నం పెట్టి, తీయటి నీళ్ళు తాగించారు. నాకు షుగరు లేదని మరోసారి చూసుకున్నాకే ఇచ్చారు. అర్ధరాత్రి తర్వాత గట్టి ఆహారం వద్దన్నారు. తెల్లవారుజామున నర్సు మళ్ళీ అలాంటి నీళ్ళే గ్లాసుతో తెచ్చింది. పాలు కలవని పిండిపదార్థం పొడి కలిపిన నీళ్ళట. ఒంటికి ఉపవాసం అనిపించకుండా ఉంటుందంది. మత్తుకు రెండు గంటల ముందువరకూ ఇలాంటివి తాగొచ్చంది.

నేను చదివిన పాత పుస్తకంలో, ముందురోజు రాత్రి నుంచి గుక్కెడు నీళ్ళు కూడా తాగకూడదని ఉంది. గ్లాసు కిటికీలో పెట్టేశాను.

నర్సు మళ్ళీ వచ్చి, "తాగారా? ఎన్నింటికి?" అంది.

"తాగాను. ఇప్పుడే."

"అబద్దం సిస్టరమ్మా," అంది మా ఆవిడ. "కిటికీలో ఉంది సూడు. సిగ్గులేదేటి మావా నీకు!"

పక్క మంచం మీదాయన కూడా లేచి చూశాడు. నర్సు కోప్పడలేదు. "చివరిగా ఎప్పుడు తిన్నారో, ఎప్పుడు తాగారో నేను రాసిందే మత్తు డాక్టరు చూస్తారు. మీరు అబద్ధం చెబితే నేనూ అబద్ధమే రాస్తాను. ఎవరైనా తిని తినలేదని చెబితే, మత్తులో వాంతై ఊపిరితిత్తుల్లోకి పోతుంది," అంది.

తిండి దాచడం ఇప్పుడు నా వంతు. గ్లాసు తీసుకుని ఆమె ముందే తాగాను. ఆమె గోడగడియారం చూసి టైము రాసుకుంది. అంతలో అత్యవసరంగా ఒకామెకు సిజేరియన్ చేయాల్సి వచ్చింది. నా ఆపరేషన్ మధ్యాహ్నానికి వాయిదా పడింది. నర్సు ఆ రాసిన టైము చూసి, మత్తు డాక్టరును అడిగి, మళ్ళీ కాసిని నీళ్ళిచ్చింది. ఈసారి వెంటనే తాగేశాను.

ఆపరేషనయిన సాయంత్రమే గుక్క గుక్కగా నీళ్ళు పట్టారు. మర్నాడు మెత్తటి ఇడ్లీ, ప్రోటీన్ పొడి కలిపిన పాలు. మా అక్క చూడ్డానికొచ్చి లబోదిబోమంది.

"కిందనించి గాలి రాకముందే తిండెట్టేత్తన్నారేటి! కుట్లు తెగిపోవా? నువ్వన్నా సెప్పవేట్రా, అంత సదివినావు!"

అందరూ నా వైపు చూశారు.

"నాకు తెలీదక్కా. ఈళ్ళు తినమన్నారు, తింతన్నాను," అన్నాను.

మా ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది. ఆ భుజాలు కదిలాయి. నవ్విందో ఏడ్చిందో నేను అడగలేదు.

వాంతి గానీ కడుపుబ్బరం గానీ ఉంటే చెప్పమన్నారు. రెండూ రాలేదు. మూడో రోజు గాలి వచ్చింది. అతుకు నిలిచింది. నడుచుకుంటూ ఇంటికి వచ్చాను.

మేలు చేసినవాళ్ళందరి పేర్లూ రాయాలనుకున్నాను. వాళ్ళే వద్దన్నారు. అందుకని సర్జన్‌కూ, డైటీషియన్‌కూ, ఆ నర్సుకూ, చేపలు మోసుకొచ్చిన బావకూ, నా అబద్ధం బయటపెట్టిన మా ఆవిడకూ ఇక్కడే దండం పెడుతున్నాను. పిల్లలకు మాత్రం ఏం రాయాలో తెలియడం లేదు. నేను గడప దాటి లోపలికి వస్తే ఇప్పటికీ వాళ్ళ చేతులు ఒక్క క్షణం కంచం మీద అడ్డుపడతాయి. నేను పక్కన కూర్చుని నాకూ వడ్డించమంటాను. అప్పుడు మెల్లగా తీస్తారు.