ఎస్‌.ఈ. గారికి ఇరవై నాలుగు ప్రశ్నలు

సివిల్ ఇంజనీరింగ్ డిప్లొమా చేసి వారపత్రికలో చేరినందుకు మా ఇంట్లో ఎవరూ నాతో సరిగా మాట్లాడడం లేదు. నాన్న తనకు తెలిసినవాళ్లను పట్టుకుని నాకొక డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం చూసి ఉంచారు. నెలాఖరులోగా అవునో కాదో చెప్పాలి. పత్రికలోనూ నా మూడు నెలల ట్రయల్ నెలాఖరుకే ముగుస్తుంది.

హనుమకొండ చౌరస్తా దగ్గర మేడ మీద మా ఆఫీసు. ఎడిటర్ గారు నన్ను పిలిచి తేల్చేశారు.

"తమ్మీ, ఇరిగేషన్ ఎస్‌.ఈ. మీద ఒక పేజీ రాయి. చదివితే మనిషి కనపడాలె. కనపడిందా, నౌకరి పక్కా. లేదా, పోయి నక్షలు గీసుకో."

ఎస్‌.ఈ. అంటే సూపరింటెండింగ్ ఇంజనీరు. జిల్లాలోని చెరువులూ కాలువలూ అన్నీ ఆయన కిందే. వానలు దగ్గరపడ్డాయి కాబట్టి ఆయన కుర్చీలో కనిపించడమే గగనం.

నేను గ్రాఫ్ పేపరు తీసుకుని జాబితా గీశాను. నాలుగు గడులు: ఎవరు, ఏం తెలుసు, ఆయనతో ఎలా ఉంటారు, పేరు వేయవచ్చా. పదకొండు మందిని ఎక్కించి ఎడిటర్ గారికి చూపించాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి చదివారు.

"అందరు ఆయన్ని పొగిడెటోళ్లే ఉన్నరు. ఆయనంటే గిట్టనోడు ఏడి?"

"అట్లాంటి గడి పెట్టలేదు సార్."

"పెట్టు. పుట్టింది, చదివింది, ఎక్కడెక్కడ పనిచేసింది సర్కారోళ్ల సివిల్ లిస్టుల దొరుకుతది, అవి అడిగి ఆయన టైం ఖరాబు చెయ్యకు. అందర్నీ కలిసినంకనే ఆయన్ని కలువు. ఇరవై నిమిషాలిస్తె పదే అనుకో. కష్టమైన ప్రశ్న మొదట్లనే అడిగినవనుకో, మొకం ముడుసుకుంటడు. ఆఖరుకు దాసిపెట్టినవనుకో, లేసి పోతడు. నడిమిట్ల పెట్టు."

అలాగే ఇరవై నాలుగు ప్రశ్నలు రాసి, కష్టమైనవి నడుమ పెట్టాను. పది నిమిషాలకూ నిమిషం నిమిషానికీ గడులు గీసి, మరీ తక్కువ టైం ఇస్తే అడగవలసిన రెండు ప్రశ్నలకు ఎర్ర చుక్కలు పెట్టాను.

తర్వాత జాబితా ప్రకారం తిరిగాను. ఎస్‌.ఈ. గారి సర్కిల్ ఆఫీసులో గుమ్మం కాసి ఫైళ్లు మోసే దఫేదారు నిలువెత్తు మనిషి. "సారు మంచోడు, రాసుకో" అన్నాడు. ఎట్లా మంచోడని అడిగితే, "మంచోడంటే మంచోడే, మల్ల ఎట్లుంటడు?" అని కసురుకున్నాడు. జీపు డ్రైవరు అరగంట సేపు క్లచ్ ప్లేట్ల గురించి చెప్పి, ఆఖరున ఒక్క మాటన్నాడు: "చెర్వు కట్ట కనపడ్తె సాలు, జీపు ఆపుమంటడు. ఈ కొసకెల్లి ఆ కొసదాక నడుస్తడు. నేనేమో అవతలి కొసకు తిప్పుకపోవాలె."

గిట్టనివాడి కోసం ములుగు బస్సెక్కాను. అక్కడొక చెరువుకట్టకు రాతి కట్టుబడి చేసిన కాంట్రాక్టరు చేత ఎస్‌.ఈ. మొత్తం రాళ్లు పీకించారట.

"పగబట్టిండు నా మీద," అన్నాడు కాంట్రాక్టరు.

"రాళ్లు సరిగ్గా లేవా అన్నా?"

"రాళ్లకేంది, రాళ్లు రాళ్లే. వేరే ఆఫీసర్లు దూరంకెల్లి సూస్తరు. ఈయన కాలుతోని కదిలిచ్చి సూస్తాండు."

అక్కడిదాకా అంతా సజావుగానే జరిగింది. అపాయింట్‌మెంటు దగ్గరే నేను పని చెడగొట్టుకున్నాను. ఎస్‌.ఈ. గారిని ఎవరు ఎప్పుడు కలవాలో చూసే క్యాంప్ క్లర్కు ప్రశ్నలు రాసి ఇమ్మన్నాడు. ఏ విషయాలు మాట్లాడాలో రెండు ముక్కలు రాసిస్తే సరిపోయేది. నేను ఇరవై నాలుగు ప్రశ్నలూ నంబర్లతో, ఉపనంబర్లతో, కార్బన్ పెట్టి మూడు కాపీలు ఇచ్చాను. క్లర్కు కళ్లు చెమ్మగిల్లినంత పని అయింది.

"ఇంత పద్ధతిగ ఇప్పటిదాక ఎవ్వలు ఇయ్యలే తమ్మీ!"

నంబర్లున్న కాగితం ఆ ఆఫీసులోకి వెళితే ఏమవుతుందో డిప్లొమాలో చెప్పలేదు. దానికి ఫైలు పుట్టింది. ఏ ప్రశ్న ఏ సెక్షనుకు చెందుతుందో విడదీసి, పేరావారీగా రిమార్కులు పంపమని మెమోలు వెళ్లాయి. వారం తర్వాత నేను గేటు దగ్గర కనిపించగానే దఫేదారు చేతులు జోడించాడు.

"నీ పున్నెముంటది, ఇంకేం అడగకు. నీ కాగితాలు మోసి మోసి నా మోకాళ్లు పోయినయ్."

చెప్పిన రోజున రెండు గంటలు కూర్చోబెట్టి లోపలికి పిలిచారు. ఎస్‌.ఈ. గారు సన్నగా ఉన్నారు, బూట్లకు ఎండిన మట్టి ఉంది. గడియారం చూసుకున్నారు.

"తొమ్మిది నిమిషాలున్నాయి బాబూ. మీ ప్రశ్నలన్నిటికీ జవాబులు తయారయ్యాయి." ఇటుకంత మందాన ఫైలు నా ముందుకు తోశారు. "ఇంకేమైనా ఉందా?"

ఇంకేముంటుంది? నా ప్లానులో ఉన్న ప్రతి ప్రశ్నకూ టైపు చేసిన జవాబు ఉంది. ఎర్ర చుక్కలవే ముందు చూశాను. రాళ్ల సంగతికి, "సదరు కాంట్రాక్టరుకు నోటీసు జారీ చేయబడినది." రెండోది పదిహేడో ప్రశ్న: మీకు భయం కలిగించే విషయం ఏది? ములుగు సబ్‌డివిజన్ నుంచి జవాబు వచ్చింది. పక్కనే చిన్ననాటి జ్ఞాపకం గురించి అడిగినదానికి ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ వారిది.

నాన్న చూసిన ఉద్యోగం కళ్ల ముందు కదిలింది. వేరే దారి లేక చదివి వినిపించాను.

"సార్, మీ చిన్ననాటి సంఘటనకు, 'సర్వీసు రిజిస్టరు పరిశీలించగా అట్టి సంఘటన నమోదు కాలేదు' అని ఉంది. మీ భయాలకు, 'ఈ సబ్‌డివిజన్ పరిధిలో నిల్' అని ఉంది."

ఆయన ఫైలు లాక్కుని చూశారు. కింద తన సంతకమే ఉంది. నవ్వు ఆపుకోబోయి దగ్గు తెచ్చుకున్నారు. నీళ్లు తాగి, కలం తీసి 'నిల్' కొట్టేశారు.

"నెక్కొండ దగ్గర జూనియర్ ఇంజనీరుగా ఉన్నాను. కట్టను దూరం నుంచి చూసి, ఆగుతుందిలే అని ఊరివాళ్లకు చెప్పాను. ఆగలేదు. మనుషులు బతికారు, పొలాలు పోయాయి. వాన మొదలైతే ఇప్పటికీ నాకు అన్నం సయించదు. ఆ ములుగు ఆయనకు నా మీద కోపమని తెలుసు. రాళ్లు కదిలాయి, పీకించాను. అదీ రాసుకోండి."

తొమ్మిది నిమిషాలు ఇరవై రెండయ్యాయి. నేను గడులు చూడడం మానేశాను.

ఎడిటర్ గారు విని ఒకటే అడిగారు. "తన గురించి తను చెప్పుకున్నది. ఇంకెవరు చెప్పిండ్రు?"

మర్నాడు రైలెక్కి నెక్కొండ వెళ్లాను. అప్పట్లో ఆ చెరువు తూము కాసిన లస్కర్ రిటైరై ఇంటి దగ్గరే ఉన్నాడు. కట్ట తెగిన మాట నిజమేనన్నాడు. ఏ పక్క తెగిందో చేత్తో చూపించాడు.

"మల్ల సారు ఊర్లెకొచ్చి అందరి ముంగట తప్పు నాదేనన్నడు. గా మాట చెప్పిండా నీకు?"

"చెప్పలేదు తాతా."

"ఇంటింటికి తిరిగి అన్నడు. మా ఇంట్ల కూసోని ఏడ్సిండు గూడ. గది రాయకు బిడ్డా. పెద్దాఫీసరైండు గదా."

తప్పు ఒప్పుకున్నారని ఊళ్లో మరో ఇద్దరిని అడిగి ఖాయం చేసుకుని అది రాశాను. ఏడుపు రాయలేదు. ఎడిటర్ గారు రెండుసార్లు చదివి, నా గ్రాఫ్ పేపరు జాబితా అందుకున్నారు. కొత్తగా ఎక్కించిన లస్కర్ పేరు ఎదురుగా 'వేయవచ్చా' అన్న గడిలో నేను రాసుకున్నది చూశారు: ఒక సంగతి వేయకూడదు.

"ఏంది గది?"

"వేయకూడనిది సార్."

"నాకు గూడ చెప్పవా?"

"చెప్పను సార్."

ఆయన కాసేపు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. తర్వాత వ్యాసం ప్రెస్సుకు పంపించి, "మీ నాయినకు చెప్పుపో, నక్షలు గీసెటోన్ని వేరే చూసుకోమని" అన్నారు.