జటలో తప్పిపోయిన నీళ్ళు

ప్లంబర్ పురుషోత్తం పేరు మారేడ్‌పల్లి ఆడవాళ్ళందరి ఫోన్లలో ఉంటుంది. ఎవరింట్లో ట్యాంకు పొంగినా, ఎవరి గోడకు చెమ్మ దిగినా పిలుపు అతనికే. వచ్చి గోడకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, "తక్లీఫ్ ఈడ లేదమ్మా, ఆడుంది" అని నాలుగడుగుల అవతల పగలగొట్టేవాడు. సగంసార్లు అక్కడా ఉండేది కాదు. అప్పుడు తానే నవ్వేసి, ఆ కన్నం పూడ్చి, ఇంకోచోట పగలగొట్టేవాడు. అయినా జనం అతన్నే పిలుస్తారు, ఎందుకంటే దొరికేదాకా వదలడు, విసుక్కోడు.

అట్లాంటి మనిషికి ఆ మాఘమాసంలో ఎటూ పాలుపోలేదు. శివరాత్రి ఇంకా వారం ఉందనగా కిషన్ అనే అతను ఫోన్ చేశాడు. తిరుమలగిరిలో భద్రయ్య చాయ్ బండి పక్కనే ఇతని పంక్చర్ల దుకాణం.

"అన్నా, మీ భద్రన్న పోయిండు. నిద్రల్నే పోయిండు. ఆ దినం నీ నంబర్ ఎవ్వరి దగ్గర దొరకలే, ఇప్పుడు దొరికింది. నేనే అగ్గి వెట్టిన. అస్థికలు బొందలగడ్డ లాకర్ల వెట్టిన. శివరాత్రి అయినంక పాత లాకర్లు ఖాళీ చేస్తమంటున్నరు. మల్ల నువ్వొస్తవా? లేకుంటే వాళ్ళేం జేస్తరో నాకు దెల్వది."

"చెప్త," అన్నాడు పురుషోత్తం. ఏం చెప్తాడో అతనికే తెలియదు.

భద్రయ్య అతనికి అన్న అవుతాడా? అవుతాడు. కాడు కూడా. తండ్రికి ఇద్దరు భార్యలు. పెద్దామె కొడుకు భద్రయ్య, చిన్నామె కొడుకు పురుషోత్తం. చిన్నప్పుడు నేరేడ్‌మెట్ ఎత్తు మీద సైకిలు తొక్కుతూ, ముందు రాడ్డు మీద తమ్ముణ్ణి కూర్చోబెట్టుకుని, "గట్టిగ పట్టుకోరా, పడితే అమ్మ నన్ను తంతది" అనేవాడు భద్రయ్య. ఏ అమ్మ తంతుందో చెప్పేవాడు కాదు. తండ్రి పోయినరోజు నిప్పుకుండ ఎవరు పట్టాలన్న దగ్గర రెండు కొంపల మధ్యా గొడవ అంటుకుంది. పెద్దవాడు కనుక భద్రయ్యే పట్టాడు. పురుషోత్తం తల్లి నలుగురిలో నిలబడి, "ఇగ ఆ ఇంటి మైల మాకు లేదు, మా మైల ఆ ఇంటికి లేదు. ఒకరు సచ్చినా ఇంకొకరు తలస్నానం జెయ్యొద్దు" అని ఒట్టు పెట్టింది. ఆమె పోయి చాలా కాలమైనా ఆ ఒట్టు మాత్రం చావలేదు. భద్రయ్య పెళ్ళి చేసుకోలేదు. బస్టాపులో ఎదురుపడితే ఇద్దరూ బస్సు నంబర్ల వైపు చూసేవాళ్ళు.

మైల లేనివాడు అస్థికలు తేవచ్చా? తెస్తే తల్లి మాట పోతుంది. తేకపోతే మనిషే పోతాడు. పైగా తను గోదావరిలో కలిపితే అవి చేరతాయో చేరవో. ఇంట్లో అడిగితే భార్య విజయమ్మ, "వాళ్ళ దోషం తెచ్చి మన పిల్లల నెత్తిన వెడతవా?" అంది. ఆమె భయం ఆమెది. అతను అన్నం కలుపుకుని, తినకుండా చెయ్యి కడుక్కున్నాడు.

ఈ తికమకలోనే వీధి శివాలయం పని నెత్తిన పడింది. ఆ ఏడు శివరాత్రికి గుడి ఆవరణలో గంగావతరణం కట్టాలని కమిటీ అనుకుంది. ఇనుప చట్రం మీద రెండంతస్తుల శివుడు, తలమీద గోనెనార పేనిన జటలు, కింద మట్టిబొమ్మ భగీరథుడు, అతని వెనకాల పిడకల బూడిద కుప్పలు. గుడి పైకప్పు ట్యాంకు నుంచి నీళ్ళు జటలో పడి, అక్కడినుంచి సన్నగా జారి బూడిదను తడపాలి. నీళ్ళ వంతు పురుషోత్తానిది. కథ వంతు రాజ్యం టీచరమ్మది. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఈ వీధిలో స్థిరపడ్డ ఆవిడ, రిటైరయ్యాక కూడా ఎవరినైనా కూర్చోబెట్టి పాఠం చెప్పకపోతే నిద్ర పట్టని మనిషి.

మొదటిసారి వాల్వు తిప్పగానే నీళ్ళు జటను చీల్చుకుని నేరుగా కిందికి దూకి భగీరథుడి ముక్కు పగలగొట్టాయి. కమిటీవాళ్ళు గోలపెట్టారు.

"చూశావా పురుషోత్తం, అందుకే కదయ్యా శివుడు కావలసొచ్చింది!" అంది టీచరమ్మ, ఎవరి ముక్కు పగిలినా తనకేం పట్టనట్టు. "గంగను పంపుతానని బ్రహ్మ ఒప్పుకున్నాడు. కానీ ఆ దూకుడు భూమి తట్టుకోలేదు, శివుణ్ణి అడుక్కో అన్నాడు. భగీరథుడు కాలి బొటనవేలి మీద నిలబడి ఏడాది తపస్సు చేశాడు."

అది అతనికి వెంటనే అర్థమైంది. పైనుంచి పడే నీళ్ళకు మధ్యలో ఆపు లేకపోతే కింది పైపు పగలడం రోజూ చూసేదే. జట లోపల వల అల్లి, దాంట్లో గోనెనార దట్టించి, మళ్ళీ వాల్వు తిప్పాడు. ఈసారి నీళ్ళు లోపలికి పోయాయి. పోయాయి, అంతే. ఒక్క చుక్క బయటికి రాలేదు. ట్యాంకు సగం ఖాళీ అయింది. శివుడు తల మీద చెరువు పెట్టుకుని చల్లగా నవ్వుతూనే ఉన్నాడు.

పురుషోత్తం నిచ్చెన ఎక్కి జటకు చెవి ఆనించాడు. లోపలెక్కడో గుడగుడమంటోంది. ఎక్కడో తెలియడం లేదు. "ఏందీ పరేషాన్! ఎటు వోయినయి నీళ్ళు?"

కింద టీచరమ్మ పగలబడి నవ్వింది. "అచ్చంగా ఇదే జరిగిందయ్యా! శివుణ్ణి కూడా ఈడ్చుకుని పాతాళానికి పోతానని గంగకు గర్వం. ఆయన జటలో పట్టేశాడు. ఆవిడ ఏళ్ళ తరబడి లోపలే తిరిగింది, దారి దొరకలేదు. భగీరథుడు కిందనుంచి చూస్తే నీళ్ళూ లేవు, గంగా లేదు. మళ్ళీ తపస్సు. అప్పుడు బిందుసరస్సులోకి వదిలాడు. ఏడు పాయలైంది. మూడు తూర్పుకు, మూడు పడమటికి, ఏడోది భగీరథుడి రథం వెంట."

పురుషోత్తం ఒక జటపాయ కొస విప్పి, వేలు దూర్చి నారను పక్కకు జరిపాడు. సన్నటి ధార కిందికి జారింది. మిగతా జటలు ఎక్కడపడితే అక్కడ కారడం మొదలుపెట్టాయి. అతను వాటిని మూయబోతే, గంగకు ఏడు పాయలుండాలంటూ టీచరమ్మ వద్దంది. అతను దిగి వచ్చి, తడుస్తున్న బూడిద కుప్పల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. అప్పటిదాకా వాటిని సరిగా చూడనేలేదు.

"టీచరమ్మా, ఇవి ఎవరియి? భగీరథుని నాయనవా?"

"కాదు. సగరుడి కొడుకులవి, అరవై వేలమందివి. సగరుడి యాగాశ్వాన్ని ఇంద్రుడు ఎత్తుకెళ్ళి కపిలమహర్షి దగ్గర విడిచాడు. వీళ్ళు భూమి తవ్వుకుంటూ పాతాళానికి పోయి, గుర్రాన్ని చూసి, మహర్షినే దొంగ అన్నారు. ఆయన ఒక్క హుంకారం చేస్తే బూడిదైపోయారు. సగరుడి మనవడు అంశుమంతుడు వెతుక్కుంటూ పోయి తర్పణం విడుద్దామంటే అక్కడ నీళ్ళే లేవు. గరుత్మంతుడు చెప్పాడు, మామూలు నీళ్ళు పనికిరావు, గంగే రావాలని. అంశుమంతుడి వల్ల కాలేదు, అతని కొడుకు దిలీపుడి వల్ల కాలేదు. దిలీపుడి కొడుకు భగీరథుడు."

"అంటే భగీరథునికి వీళ్ళు ముత్తాతలు."

"ఆగాగు, అంత సూటిగా కాదు." ఆవిడ వేళ్ళు మడిచింది. "సగరుడికి ఇద్దరు భార్యలు. పెద్దామె కేశినికి ఒక్కడే కొడుకు, అసమంజుడు. అతని వంశమే భగీరథుడు. ఈ అరవైవేలమందీ రెండో ఆమె సుమతి కొడుకులు. అంటే భగీరథుడి ముత్తాతకు వీళ్ళు సవతితల్లి బిడ్డలు."

పురుషోత్తం చేతిలోని పానా కిందపెట్టాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ పెట్టాడు.

"మల్ల ఎట్ల జేసిండు? ఆయనకు వీళ్ళ మైల ఉన్నదా? ఎవ్వరు ఒద్దనలేదా?"

టీచరమ్మ మళ్ళీ వేళ్ళు మడవబోయి మధ్యలో ఆపేసింది. అట్లాంటిది ఆవిడ జీవితంలో అరుదు. "కథలో ఎవరూ అడగలేదయ్యా," అంది చివరికి. "నేనూ ఎప్పుడూ అనుకోలేదు. ఎందుకూ?"

ముక్కు పగిలిన భగీరథుణ్ణి చూసి, అతను తడిమట్టి తీసి కొత్త ముక్కు పెట్టాడు. అది వంకరగా వచ్చింది.

దీంతో అతని మనసు కుదుటపడిందనుకుంటే పొరపాటు, ఇంకా చిక్కుపడింది. రాజులకు చెల్లింది ప్లంబర్లకు చెల్లుతుందా? అక్కడ సవతులు ఒట్లు పెట్టుకోలేదు, ఇక్కడ తల్లి పెట్టింది. శివరాత్రి మర్నాడు అందరి జాగరణ కళ్ళూ మూతలు పడుతుండగా, ఇంట్లో చెప్పకుండానే బయలుదేరాడు. బొందలగడ్డకు పోతున్నానని బస్సెక్కేదాకా తనకూ తెలియదు. దారిలో ఫోన్ చేస్తే కిషన్ అక్కడికి వచ్చాడు. ఎర్రగుడ్డ కట్టిన చిన్న ముంత తెచ్చి చేతుల్లో పెట్టాడు. భద్రన్న రెండు చేతుల్లో ఇమడని భారీ మనిషి. ఇది ఒక చేతికి సరిపోయింది.

ముంతతో ఇంటికి పోకూడదు కనుక నేరుగా సికింద్రాబాద్ స్టేషనుకు పోయి బాసర రైలెక్కాడు. ముంత పెట్టిన సంచిని కిందపెట్టకుండా కిటికీ పక్క కొక్కేనికి తగిలించి, పడిపోతుందేమోనని దారంతా ఒక చెయ్యి దానిమీదే ఉంచాడు. విజయమ్మ ఫోన్ చేసింది. "యాడున్నవ్?" అంటే చెప్పాడు. ఆమె, "టవల్ తీస్కవోయినవా?" అంది.

బాసరలో గోదావరి ఒడ్డున అయ్యగారు గోత్రం అడిగాడు. చెప్పాడు.

"పోయినాయన మీకేమైతడు?"

పురుషోత్తం ముంతను రెండు చేతులతో పట్టుకున్నాడు. "మా నాయన పెద్దభార్య కొడుకు, అయ్యగారూ. మాకు మైల లేదు. కలపొచ్చో కలపొద్దో నాకు తెలుస్తలేదు."

"గోత్రం ఒక్కటే గదా?"

"ఒక్కటే."

"నీళ్ళల్ల దిగు మరి," అన్నాడు అయ్యగారు. ఇన్నేళ్ళ ముడి ఆయనకు ముడిలాగే కనబడలేదు.

పురుషోత్తం మోకాళ్ళలోతుకు దిగి, అయ్యగారు చెప్పినట్టు చెప్పి, ముంత వంచాడు. ఆ ఏడు నీళ్ళు తక్కువ, మెట్ల దగ్గర కదలిక లేదు. బూడిద మునగలేదు, పోలేదు. తెల్లటి తెట్టుగా అతని కాళ్ళ చుట్టూనే తిరగసాగింది. అతను చేత్తో తోశాడు. కొంచెం పోయి మళ్ళీ వచ్చింది. చెల్లలేదన్నమాట. అమ్మే గెలిచింది. ఎవరిని అడగాలో తెలియక ఒడ్డుకు చూస్తే అయ్యగారు అప్పటికే ఇంకొకరి గోత్రం అడుగుతున్నాడు.

నీళ్ళు కదలకపోతే ఏం చెయ్యాలో వేరే ఎవరైనా అతన్ని అడిగితే వెంటనే చెప్పేవాడే. ఇక్కడ తోచడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత అతను మళ్ళీ నదివైపు తిరిగి, నడుమకు నడిచాడు. తొడలలోతు, నడుములోతు. అక్కడ పారుదల తగిలింది. అతను నడిచినచోట చీలిన నీళ్ళు వెనక కలుసుకుంటూ, తెట్టును కొంచెం కొంచెంగా లాక్కొస్తున్నాయి.

"గట్టిగ పట్టుకో అన్నా," అన్నాడు వెనక్కి చూడకుండా, ఏడుస్తూ. "పడితే అమ్మ నన్ను తంతది."